బౌల్డరింగ్‌లో టాప్, జోన్ పాయింట్లు: 84.4 అనే అంకె ఎలా వచ్చింది?

శ్రావణి_నెల్లూరు
అందరికీ నమస్కారం. పారిస్ 2024 ఒలింపిక్స్ క్లైంబింగ్ మహిళల ఫైనల్ రిప్లే ఇప్పుడే చూశాను. బౌల్డరింగ్ భాగం అయ్యేసరికి జాన్యా గార్న్‌బ్రెట్‌కు 84.4, బ్రూక్ రాబుటూకు 84.0 వచ్చాయి. ఇద్దరూ దాదాపు ఒకేలా ఎక్కినట్టే కనిపించింది. మరి ఆ 0.4 తేడా ఎక్కడిది? గోడ మధ్యలో ఒక హోల్డ్ అందుకోగానే జనం చప్పట్లు కొడుతున్నారు, పైదాకా వెళ్తే ఇంకా గట్టిగా అరుస్తున్నారు. అది జోన్, ఇది టాప్ అని వ్యాఖ్యాతల మాటల్లో అర్థమైంది. కానీ పాయింట్ల లెక్క మాత్రం అందలేదు. పైగా పాత వరల్డ్ కప్ వీడియోలు చూస్తే పాయింట్లే లేవు, `3T4z 5 7` అని ఏదో రాసి ఉంది. అదీ ఇదీ ఒకటేనా? ఈ ఆట చూడటం కొత్త. ఎవరైనా మొదటి నుంచి చెప్తారా?

ప్రదీప్_మియాపూర్
చాలా తేలిక శ్రావణి గారూ. ఎవరు ఎక్కువ టాప్‌లు చేస్తే వాళ్ళు ముందు. టాప్‌లు సమానమైతే ఎక్కువ జోన్‌లు ఉన్నవాళ్ళు ముందు. అవీ సమానమైతే తక్కువ అటెంప్ట్‌లలో చేసినవాళ్ళు. క్రికెట్‌లో పాయింట్లు సమానమైనప్పుడు నెట్ రన్‌రేట్ చూసినట్టు ఇక్కడ అటెంప్ట్‌లు చూస్తారు. మీరు చూసిన `3T4z 5 7` అంటే 3 టాప్‌లు, 4 జోన్‌లు, ఆ టాప్‌లకు మొత్తం 5 అటెంప్ట్‌లు, జోన్‌లకు మొత్తం 7 అటెంప్ట్‌లు. పారిస్‌లో దీన్నే పాయింట్లుగా మార్చి చూపించారు, అంతే. లోపల లెక్క అదే.

కల్యాణి_మ్యూనిక్
ప్రదీప్ గారూ, `3T4z 5 7` ని మీరు చదివిన తీరు సరైనదే. 2018 నుంచి 2024 వరకు బౌల్డర్ వరల్డ్ కప్‌లలో ర్యాంకులు ఆ వరసలోనే ఇచ్చారు. కానీ "లోపల లెక్క అదే" అన్న మాట మాత్రం నిలవదు. పాయింట్లలోకి మారినప్పుడు చూపించే తీరుతో పాటు గెలుపు లెక్క కూడా మారింది. నేను ఇక్కడ క్లబ్ పోటీల్లో జడ్జిగా కూర్చుంటాను, ఈ తేడా ప్రతిసారీ కళ్ళారా చూస్తున్నాను.

శ్రావణి గారి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. పారిస్‌లో బౌల్డరింగ్ ఫైనల్‌కు నాలుగు బౌల్డర్లు, అంటే తాడు లేకుండా ఎక్కే నాలుగు పొట్టి దారులు. ఒక్కోదానికి గరిష్ఠంగా 25 పాయింట్లు, అంటే మొత్తం 100. ఒక్కో బౌల్డర్‌లో రెండు జోన్‌లు పెట్టారు. కింది జోన్ వరకు వెళ్తే 5, పై జోన్ వరకు వెళ్తే 10, టాప్ చేస్తే 25. ఇవి ఒకదానికొకటి కలవవు. టాప్ చేసినవాళ్ళకు 25 మాత్రమే, 25+10+5 కాదు. ఇక విఫలమైన ప్రతి అటెంప్ట్‌కూ 0.1 తగ్గుతుంది.

ఇప్పుడు 84.4 ని వెనక్కి విప్పుదాం. నాలుగూ టాప్ చేస్తే 100. అక్కడి నుంచి 15.6 తగ్గాలంటే నూట యాభై ఆరు సార్లు పడాలి. నాలుగేసి నిమిషాల బౌల్డర్లలో అది కుదరదు. మూడు టాప్‌లు, ఒక కింది జోన్ అయితే 80, అది 84.4 కన్నా తక్కువ. మిగిలింది ఒకటే దారి: మూడు టాప్‌లు, ఒక పై జోన్. 75+10 అంటే 85. అందులోంచి 0.6 తీస్తే 84.4. రాబుటూ కూడా మూడు టాప్‌లు, ఒక పై జోన్, కాకపోతే తగ్గింపు 1.0. మీకు ఇద్దరూ ఒకేలా ఎక్కినట్టు కనిపించింది కదా, ఎక్కిన ఎత్తు నిజంగానే సమానం. ఆ 0.4 అంటే రాబుటూ లెక్కకు వచ్చే నాలుగు అటెంప్ట్‌లు ఎక్కువ తీసుకుంది.

శ్రావణి_నెల్లూరు
అమ్మో, ఒక్క అంకెలోంచి ఇంత కథ బయటికి లాగొచ్చా! చాలా థాంక్స్ కల్యాణి గారూ. "లెక్కకు వచ్చే అటెంప్ట్‌లు" అన్నారు. లెక్కకు రాని అటెంప్ట్‌లు కూడా ఉంటాయా?

కల్యాణి_మ్యూనిక్
ఉంటాయి. కొత్తగా చూసేవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. 2025 నుంచి వరల్డ్ కప్‌లలో ఉన్న పద్ధతితో చెప్తాను, అది ఇంకా తేలిక. అక్కడ జోన్ ఒకటే: జోన్‌కు 10, టాప్‌కు 25, తగ్గింపు 0.1.

ఒకమ్మాయి మొదటి అటెంప్ట్‌లోనే జోన్ అందుకుని పడిపోయింది అనుకోండి. ఆ క్షణంలో ఆమె ఖాతాలో సరిగ్గా 10.0. తర్వాత టాప్ కోసం మరో ఐదు సార్లు ప్రయత్నించి ఐదు సార్లూ పడింది. సమయం అయిపోయింది. ఆమె స్కోరు ఎంత? 10.0 అలాగే ఉంటుంది. జోన్ చేతికి వచ్చాక పడిన పతనాలు ఆ జోన్ పాయింట్లలోంచి ఏమీ తినవు.

అదే అమ్మాయి ఆరో అటెంప్ట్‌లో టాప్ చేసింది అనుకోండి. ఇప్పుడు జోన్ లెక్క మొత్తం పక్కకు పోతుంది, టాప్ లెక్క వస్తుంది. టాప్‌కు ముందు ఐదు విఫలమయ్యాయి కాబట్టి 25-0.5, అంటే 24.5. జోన్ ఎన్నో అటెంప్ట్‌లో దొరికిందన్నది ఇక ఎవరికీ పట్టదు.

అందుకే జోన్ అందాక చేతులు ముడుచుకుని కూర్చోవడానికి పాయింట్ల పరంగా ఏ కారణమూ లేదు. చివరి సెకను వరకు ఎగబడటం మీరు చూస్తారు. ఆగారంటే చర్మం కోసమో, తర్వాతి బౌల్డర్‌కు శక్తి మిగుల్చుకోవడం కోసమో ఆగుతారు.

సురేష్_ఆర్
మా దగ్గర అలా లేదండీ. హైదరాబాద్‌లో మేం వెళ్ళే జిమ్‌లో పోటీ పెట్టినప్పుడు మొదటి అటెంప్ట్‌లో చేస్తే, అదే ఫ్లాష్ చేస్తే, బోనస్ ఇచ్చారు. రెండో అటెంప్ట్‌కు కొంచెం తక్కువ, మూడో అటెంప్ట్‌కు ఇంకా తక్కువ. నాలుగో అటెంప్ట్ దాటాక ఎన్నిసార్లు చేసినా ఒకటే. జోన్ అనేదే లేదు. బౌల్డర్లు బోలెడు, మనకు నచ్చినవి ఎంచుకుని ఎక్కొచ్చు, కార్డు మీద మనమే రాసుకోవాలి. నేను కష్టమైనదాన్ని పట్టుకుని చాలా సమయం దాని మీదే పెట్టాను. పక్కవాడు తేలికైనవి చకచకా ఫ్లాష్ చేసుకుంటూ పోయి నాకన్నా ముందు నిలిచాడు. అది అన్యాయం అనిపించింది. వరల్డ్ కప్‌లో కూడా కష్టమైన బౌల్డర్‌కు ఎక్కువ పాయింట్లు ఇవ్వరా?

కల్యాణి_మ్యూనిక్
ఇవ్వరు సురేష్ గారూ. వరల్డ్ కప్ ఫైనల్‌లో నాలుగు బౌల్డర్లకూ ఒకే విలువ. అందరూ అవే నాలుగు ఎక్కాలి, అదే వరసలో. ఎంచుకోవడం ఉండదు. కాబట్టి కష్టమైనది వదిలేసి తేలికైనవి ఏరుకునే దారి మూసుకుపోతుంది. మీ జిమ్ పోటీ వేరే రకం. అక్కడ వందమంది ఒకేసారి ఎక్కాలి, జడ్జిలు ఉండరు, అందుకని లెక్క కూడా వేరేగా పెట్టుకుంటారు. రెండింటినీ పోల్చి ఒకటి తప్పు అనలేం.

కిరణ్_బౌల్డర్స్
నాదో డౌట్. కష్టం గురించి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. వరల్డ్ కప్ బౌల్డర్ల గ్రేడు ఎంత ఉంటుంది? మేం హంపీ వెళ్తే ప్రతి రాయికీ V4, V6 అని గ్రేడు ఉంటుంది. టీవీలో ఆ గ్రేడు చూపించరేం? V10 చేసినవాడికీ V8 చేసినవాడికీ ఒకే 25 పాయింట్లా?

ప్రదీప్_మియాపూర్
కిరణ్, ఇక్కడ అడిగింది గ్రేడుల గురించి కాదు బ్రో, పోటీ స్కోరు గురించి.

కల్యాణి_మ్యూనిక్
పర్లేదు, కొంత సంబంధం ఉంది. పోటీ బౌల్డర్లకు గ్రేడు ప్రకటించరు. వాటిని ఆ పోటీ కోసమే కొత్తగా బిగిస్తారు, తర్వాత విప్పేస్తారు. రాయి మీద గ్రేడు అంటే ఎందరో ఎక్కి, ఏళ్ళ తరబడి మాట్లాడుకుని కుదుర్చుకున్నది. పోటీ గోడ మీద నాలుగు నిమిషాలే ఉంటాయి, పద్ధతి ముందే తెలియదు. పోటీ బౌల్డర్‌ను కొలిచేది గ్రేడు కాదు, ఎనిమిది మందిలో ఎందరు టాప్ చేశారు, ఎందరు జోన్ దగ్గర ఆగారు అన్నదే.

ఇప్పుడు ప్రదీప్ గారి మాటకు వస్తాను. "ఎక్కువ టాప్‌లు చేసినవాళ్ళే ముందు" అన్నది పాయింట్ల పద్ధతిలో కొన్నిసార్లు నిజం కాదు. ఒక ఫైనల్ ఊహించుకుందాం, ఇద్దరే ఉన్నారు. ఎరుపు చొక్కా, నీలం చొక్కా అందాం.

ఎరుపు మొదటి రెండు బౌల్డర్లను ఫ్లాష్ చేసింది. మూడో, నాలుగో బౌల్డర్‌లలో జోన్ కూడా అందలేదు. స్కోరు 50.0.

నీలం మొదటి బౌల్డర్‌లో జోన్‌ను మొదటి అటెంప్ట్‌లోనే అందుకుని, మూడో అటెంప్ట్‌లో టాప్ చేసింది, 24.8. మిగతా మూడింటిలో జోన్‌లు అందుకుంది, ఒకటి మొదటి అటెంప్ట్‌లో, ఒకటి రెండో అటెంప్ట్‌లో, ఒకటి నాలుగో అటెంప్ట్‌లో. అవి 10.0, 9.9, 9.7. మొత్తం 54.4.

2024 నాటి పద్ధతిలో ఎరుపు `2T2z 2 2`, నీలం `1T4z 3 8`. టాప్‌లు ముందు చూస్తారు కాబట్టి ఎరుపు గెలిచేది, మిగతా అంకెల దాకా వెళ్ళే పనే ఉండేది కాదు. ఇప్పుడు నీలం గెలుస్తుంది. గోడ మీద జరిగింది ఒకటే, విజేత మాత్రం వేరు.

ప్రదీప్_మియాపూర్
ఒక్క నిమిషం. ఎరుపు `2T2z` ఎలా అవుతుంది? మూడో, నాలుగో వాటిలో జోన్ లేదు అన్నారు కదా.

కల్యాణి_మ్యూనిక్
టాప్ చేస్తే ఆ బౌల్డర్ జోన్ కూడా ఖాతాలో పడుతుంది. జోన్ హోల్డ్‌ను ముట్టుకోకుండా వేరే దారిలో పైకి వెళ్ళినా సరే. కాబట్టి రెండు టాప్‌లు ఉన్నవాళ్ళకు కనీసం రెండు జోన్‌లు ఉంటాయి. పాత రాతలో z ముందు ఉన్న అంకె ఎప్పుడూ T ముందు ఉన్నదానికన్నా తక్కువ కాకపోవడానికి కారణం అదే.

ప్రదీప్_మియాపూర్
సరే, లెక్క ఒప్పుకుంటాను. కానీ ఇది సబబు అని ఒప్పుకోను. బౌల్డరింగ్ అంటేనే పైదాకా ఎక్కడం. రెండు బౌల్డర్లను పూర్తి చేసినవాళ్ళను ఒక్కటే పూర్తి చేసి మిగతావి సగంలో వదిలేసినవాళ్ళు దాటిపోవడం ఏంటి? బయట రాయి మీద "సగం ఎక్కాను" అంటే ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా?

వాసవి_టెక్సస్
నేను ప్రదీప్ గారితో విభేదిస్తాను. నేను ఎక్కే మనిషిని కాదు, మా అమ్మాయి యూత్ పోటీలకు వెళ్తుంది, నేను కింద కూర్చుని చూస్తాను. రెండు బౌల్డర్లు ఆమె శరీరానికి సరిపోతే ఫ్లాష్ చేస్తుంది, మిగతా రెండింటిలో ఏమీ చేయలేకపోతుంది. ఇంకో పాప నాలుగింటిలోనూ గట్టిగా పోరాడుతుంది. నాలుగు రకాల బౌల్డర్లు పెట్టేదే అన్నీ వచ్చినవాళ్ళను వెతకడానికి కదా. ఒకటి బ్యాలెన్స్‌ది, ఒకటి దూకేది, ఒకటి వేళ్ళ బలంది. అన్నిటిలో సగం దాకా వెళ్ళగలిగినవాళ్ళకు విలువ ఇవ్వడం నాకు సరిగ్గానే ఉంది. మా అమ్మాయికి అది నష్టమైనా సరే.

కల్యాణి_మ్యూనిక్
ఇద్దరి మాటలోనూ బలం ఉంది. అయితే తక్కువ టాప్‌లవాళ్ళు ముందుకొచ్చే ఈ తారుమారు ఎక్కడ వస్తుందో సరిగ్గా తెలిస్తే వాదన ఇంకా స్పష్టంగా ఉంటుంది. నాలుగు బౌల్డర్ల ఫైనల్‌లో అది చాలా కొద్ది చోట్లే వస్తుంది. రెండు టాప్‌లు మాత్రమే ఉంటే 50, దాన్ని ఒక టాప్ మూడు జోన్‌ల 55 దాటుతుంది. ఒక టాప్, ఒక జోన్ ఉంటే 35, దాన్ని ఒక్క టాప్ కూడా లేని నాలుగు జోన్‌ల 40 దాటుతుంది. ఒకే ఒక టాప్ చేసి ఇంకేమీ అందకపోతే 25, దాన్ని మూడు జోన్‌ల 30 కూడా దాటుతుంది. మూడు టాప్‌లు చేసినవాళ్ళను మాత్రం తక్కువ టాప్‌లు ఉన్నవాళ్ళు ఏ విధంగానూ దాటలేరు. రెండు టాప్‌లకు రెండు జోన్‌లు కలిపినా 70 దగ్గరే ఆగిపోతారు, మూడు టాప్‌లంటే 75.

కాబట్టి బౌల్డర్లు బాగా కష్టంగా ఉండి అందరికీ తక్కువ టాప్‌లు వచ్చిన రోజున జోన్‌లు రాజ్యమేలుతాయి. టాప్‌లు ఎక్కువ వచ్చిన రోజున పాత పద్ధతిలాగే సాగుతుంది. మీరు చూసేటప్పుడు మొదటి బౌల్డర్ అయ్యాక ఎందరు టాప్ చేశారో గమనించండి. ఇద్దరో ఒక్కరో అయితే ఆ రోజు జోన్‌ల మీద కన్నేసి ఉంచాలి.

శ్రావణి_నెల్లూరు
అటెంప్ట్‌ల తగ్గింపు వల్ల టాప్ ఉన్నవాళ్ళు జోన్ ఉన్నవాళ్ళకన్నా కిందికి పోవడం జరుగుతుందా?

కల్యాణి_మ్యూనిక్
ఒకే బౌల్డర్‌లో అయితే జరగదు. 25 నుంచి 10కి దిగాలంటే నూట యాభై పతనాలు కావాలి. నాలుగు బౌల్డర్ల మొత్తంలో కూడా జరగదు. టాప్‌లు, జోన్‌లు ఎన్ని రకాలుగా కలిపినా రెండు వేర్వేరు మొత్తాల మధ్య తేడా కనీసం 5 పాయింట్లు ఉంటుంది, అంటే యాభై పతనాలు. కాబట్టి ఫైనల్‌లో 0.1 పని ఒకటే: సమానంగా ఎక్కినవాళ్ళను విడదీయడం.

కానీ క్వాలిఫికేషన్‌లో ఐదు బౌల్డర్లు ఉంటాయి. అక్కడ రెండు టాప్‌లు చేసి మిగతా మూడింటిలో సున్నా వచ్చినవాళ్ళకు 50. ఒక్క టాప్ కూడా లేకుండా ఐదింటిలోనూ జోన్ అందుకున్నవాళ్ళకూ 50. పూర్తిగా వేరుగా ఎక్కిన ఇద్దరిని అక్కడ 0.1లే వేరు చేస్తాయి. ఇరవై నాలుగో స్థానం కోసం, అంటే సెమీస్‌కు చివరి చోటు కోసం, ఇలాంటిది ఎదురైతే మజా వేరు.

ఇంకో మార్పు కూడా ఉంది. పాత పద్ధతిలో టాప్‌ల అటెంప్ట్‌లు ముందు చూసేవారు, అవి సమానమైతేనే జోన్‌ల అటెంప్ట్‌లు. ఇప్పుడు రెండూ ఒకే కుప్పలో పడతాయి. ఎరుపు, నీలం ఇద్దరికీ మూడు టాప్‌లు, నాలుగో దాంట్లో జోన్ ఉన్నాయనుకోండి. ఎరుపు మూడు టాప్‌లనూ ఫ్లాష్ చేసింది, కానీ నాలుగో బౌల్డర్‌లో జోన్‌కు పదో అటెంప్ట్ పట్టింది. 75+9.1, మొత్తం 84.1. నీలం టాప్‌లకు రెండు అటెంప్ట్‌లు ఎక్కువ తీసుకుంది, కానీ నాలుగో దాంట్లో జోన్ మొదటి అటెంప్ట్‌లోనే అందుకుంది. 74.8+10, మొత్తం 84.8. పాత లెక్కలో మూడు ఫ్లాష్‌ల ఎరుపు ముందు, ఇప్పుడు నీలం ముందు. నాకైతే ఈ మార్పు నచ్చలేదు. మూడు ఫ్లాష్‌లు చూసిన ప్రేక్షకులు ఆమే గెలిచిందనుకుంటారు.

సురేష్_ఆర్
అటెంప్ట్ అని జడ్జి ఎప్పుడు లెక్కపెడతారు? మా పోటీలో దీని మీద పెద్ద గొడవ అయింది. ఒకతను మొదటి హోల్డ్ పట్టుకుని ఒక కాలు ఎత్తి మళ్ళీ దింపేశాడు. అది అటెంప్ట్ కాదని అతను, అవునని నిర్వాహకులు.

కల్యాణి_మ్యూనిక్
శరీరం మొత్తం నేలను వదిలితే అటెంప్ట్ మొదలైనట్టే. ఒక కాలు ఇంకా మ్యాట్ మీద ఉంటే మామూలుగా లెక్కపెట్టరు. అయితే నేల మీద నిలబడి స్టార్ట్ హోల్డ్‌లు కాకుండా వేరే హోల్డ్‌ను చేత్తో తడిమి చూస్తే అది అటెంప్ట్ కింద పోతుంది. స్టార్ట్‌లో గుర్తు పెట్టిన హోల్డ్‌ల మీద చేతులు, కాళ్ళు పెట్టి నిలదొక్కుకోవాలి. అది జరగకుండా దూకి ముందుకు పోతే జడ్జి వెనక్కి పిలుస్తారు, ఆ అటెంప్ట్ పోయినట్టే.

జడ్జికి నిజంగా టెన్షన్ పెట్టేది మాత్రం జోన్. హోల్డ్‌కు చెయ్యి తగిలితే సరిపోదు. దాన్ని పట్టుకుని శరీరాన్ని అదుపులో ఉంచాలి, లేదా దాని సాయంతో అదుపులో ఉన్న మరో భంగిమకు రావాలి. నిలకడగా ఎక్కే బౌల్డర్‌లలో ఇది ఇట్టే తెలుస్తుంది. దూకి పట్టుకునే వాటిలో చెయ్యి అరక్షణం అంటుకుంటుంది, శరీరం ఊగి బయటికి వెళ్ళిపోతుంది. అది పట్టుకోవడమా, తాకడమా? పక్కపక్కన కూర్చున్న ఇద్దరు జడ్జిలు కూడా వేర్వేరుగా చెప్పగలరు. పెద్ద పోటీల్లో అప్పీలు వస్తే వీడియో చూస్తారు. స్కోరు బోర్డు మీద కాసేపయ్యాక 10 వచ్చి చేరడమో, ఉన్న 10 మాయమవడమో కనిపిస్తే చాలాసార్లు దీనివల్లే.

టాప్‌లో ఇంత గందరగోళం ఉండదు. రెండు చేతులూ టాప్ హోల్డ్ మీద అదుపులో ఉండాలి, జడ్జి చెయ్యెత్తాలి. కొన్నిచోట్ల బౌల్డర్ మీదికి ఎక్కి నిలబడటమే టాప్. గడియారం సున్నాకు చేరేలోపు ఇది జరగాలి. ఒక చెయ్యి ఉండి రెండోది వచ్చేలోపు సమయం అయిపోతే టాప్ లేనట్టే.

కిరణ్_బౌల్డర్స్
జోన్ ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? జోన్‌కు 10 అంటే తక్కువేం కాదు. దాన్ని మొదటి కదలిక తర్వాతే పెట్టేస్తే అందరికీ 10 వచ్చేస్తుంది కదా.

కల్యాణి_మ్యూనిక్
మంచి ప్రశ్న. బౌల్డర్లు బిగించే రూట్ సెట్టర్లే జోన్ కూడా పెడతారు. బౌల్డర్‌లో మొదటి గట్టి చిక్కు దాటాక జోన్ ఉంటే పోటీ బాగా విడిపోతుంది. మీరన్నట్టు కిందే పెడితే ఎనిమిది మందికీ 10 వస్తుంది, అది ఎవరినీ వేరు చేయదు. టాప్‌కు ఒక్క కదలిక ముందు పెడితే జోన్ అందినవాళ్ళు దాదాపు అందరూ టాప్ కూడా చేస్తారు, అప్పుడూ ఉపయోగం లేదు. సమస్య ఏమిటంటే వాళ్ళు కొన్ని రోజుల ముందు తమ శరీరాలతో ఎక్కి చూసి అంచనా వేస్తారు. పోటీ రోజున ఆటగాళ్ళు వేరే పద్ధతి కనిపెడితే ఆ అంచనా తలకిందులవుతుంది. పారిస్‌లో రెండు జోన్‌లు పెట్టడం వల్ల ఆ ఇబ్బంది కొంత తగ్గింది. 2025లో వరల్డ్ కప్‌ల కోసం ఒకే జోన్ ఉంచారు. చూసేవాళ్ళకు తేలిక, కానీ 0కూ 10కీ మధ్య ఏమీ లేకుండా పోయింది.

వాసవి_టెక్సస్
పారిస్ అంటే గుర్తొచ్చింది. ఆయ్ మోరి మొదటి బౌల్డర్‌లో స్టార్ట్ హోల్డ్ అందుకోలేకపోయింది కదా. ఎన్నిసార్లు ఎగిరినా చేతులు నిలబడలేదు, ఆ బౌల్డర్‌లో సున్నా. తర్వాత తాడు కట్టుకుని ఎత్తైన గోడ ఎక్కే లీడ్ భాగంలో 96.1 తెచ్చుకుని కూడా నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆమె ఎత్తు 154 సెంటీమీటర్లు. మా అమ్మాయి కూడా పొట్టే. అది చూసి చాలా బాధపడింది. స్టార్ట్‌లోనే ఆపేస్తే ఇక జోన్, టాప్ అనే మాటకు అర్థమేముంది?

ప్రదీప్_మియాపూర్
అది ఎత్తు సమస్య కాదు, దూకే బలం సమస్య అని అప్పుడు చాలామంది వాదించారు. పొట్టివాళ్ళు దూకి అందుకోవాల్సిన స్టార్ట్‌లు పోటీల్లో చాలానే ఉంటాయి.

వాసవి_టెక్సస్
ఆమె దూకింది ప్రదీప్ గారూ. మిగతావాళ్ళకు అందినదాన్ని ఒకరు ఎన్నిసార్లు దూకినా పట్టుకోలేకపోతే, ఆ ఒక్కరికి మాత్రం బౌల్డర్ ఇంకా కష్టమైనట్టే. దానికి పాయింట్లలో ఎక్కడా చోటు లేదు.

కల్యాణి_మ్యూనిక్
దీని మీద సెట్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు, ఇక్కడ మనం తేల్చలేం. స్కోరు వైపు నుంచి మాత్రం ఒక మాట చెప్పగలను. ఆమె బౌల్డరింగ్ స్కోరు 39.0, మొత్తం 135.1. కంచు గెలిచిన జెస్సికా పిల్జ్‌కు 147.4. తేడా 12.3. ఆ మొదటి బౌల్డర్‌లో పై జోన్ దాకా వెళ్ళి ఉన్నా 10 లోపే వచ్చేది, పతకానికి సరిపోదు. టాప్ చేసి ఉంటేనే సరిపోయేది. కాబట్టి "స్టార్ట్ అందకపోవడం వల్లే పతకం పోయింది" అనడం పూర్తిగా నిజం కాదు. "ప్రయత్నించే అవకాశమే పోయింది" అనడం నిజం.

వాసవి_టెక్సస్
అవకాశం పోవడమే నా బాధ. లెక్కతో అది తగ్గదు.

సురేష్_ఆర్
కల్యాణి గారూ, అంకె చూసి కథ చెప్పడం నాకూ నేర్పండి. పురుషుల ఫైనల్‌లో సొరాటో అన్రాకుకు బౌల్డరింగ్‌లో 69.3, టోబీ రాబర్ట్స్‌కు 63.1. బౌల్డరింగ్‌లో అన్రాకు ముందున్నాడు, చివరికి బంగారం రాబర్ట్స్‌కు వెళ్ళింది. నేను 69.3 విప్పాను: రెండు టాప్‌లు 50, రెండు పై జోన్‌లు 20, మొత్తం 70. తగ్గింపు 0.7. సరేనా?

కల్యాణి_మ్యూనిక్
సరిగ్గా అంతే. 63.1 కూడా చేయండి.

శ్రావణి_నెల్లూరు
అది నేను చేస్తాను! రెండు టాప్‌లు 50, ఒక పై జోన్ 10 అయితే 60, అది చాలదు. దానికి ఒక కింది జోన్ 5 కలిపితే 65. అందులోంచి 1.9 తీస్తే 63.1. అంటే పంతొమ్మిది విఫలమైన అటెంప్ట్‌లు. టాప్‌లు ఇద్దరికీ రెండేసి. ఒక బౌల్డర్‌లో పై జోన్‌కు బదులు కింది జోన్ దగ్గర ఆగడం వల్ల 5, పతనాల వల్ల 1.2, అలా 6.2 తేడా. కరెక్టేనా?

కల్యాణి_మ్యూనిక్
కరెక్ట్. తర్వాత లీడ్‌లో రాబర్ట్స్‌కు 92.1, అన్రాకుకు 76.1. అలా 155.2, 145.4. అన్రాకు 6.2 ఆధిక్యంతో లీడ్ గోడ దగ్గరికి వచ్చాడు, అక్కడ పదహారు పాయింట్లు వెనకబడ్డాడు. లాస్ ఏంజెలెస్ 2028లో బౌల్డరింగ్‌కు విడిగా పతకం ఇస్తారు, కాబట్టి అక్కడ బౌల్డరింగ్ ఆధిక్యాన్ని లీడ్ గోడ తుడిచిపెట్టే పరిస్థితి ఉండదు.

ప్రదీప్_మియాపూర్
విడి పతకం వచ్చాక జోన్‌కు 10 అనేదాని మీద గొడవ ఇంకా పెరుగుతుంది చూడండి. కంబైన్డ్‌లో లీడ్ ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా ఉద్దేశంలో జోన్‌కు 8 చాలు. అప్పుడు ఒక టాప్ మూడు జోన్‌లు 49, రెండు టాప్‌లు 50. టాప్ మళ్ళీ ముందుకొస్తుంది.

కల్యాణి_మ్యూనిక్
8 పెడితే తారుమారులు దాదాపు అన్నీ పోతాయి, ఒకటి మాత్రం మిగులుతుంది. నాలుగు జోన్‌లు 32, ఒక టాప్ మాత్రమే అయితే 25. ఇంకో చిక్కు, 49కీ 50కీ మధ్య ఒక్క పాయింటే, అంటే పది పతనాలు. రెండు టాప్‌లు పదకొండు పతనాలతో చేసినవాళ్ళు 48.9 దగ్గర ఉంటారు. ఒక టాప్, మూడు జోన్‌లు మొదటి అటెంప్ట్‌లలోనే అందుకున్న 49.0 వాళ్ళను దాటలేరు. అప్పుడు 0.1లు సమానులను విడదీయడం ఆపేసి విజేతనే మార్చడం మొదలుపెడతాయి.

ప్రదీప్_మియాపూర్
అయితే 6. నాలుగు జోన్‌లు కలిపినా 24, ఒక్క టాప్‌ను కూడా దాటవు.

వాసవి_టెక్సస్
అలాంటప్పుడు పాత `2T2z` పద్ధతినే ఉంచుకోవచ్చు కదా ప్రదీప్ గారూ. పాయింట్లు ఎందుకు?

ప్రదీప్_మియాపూర్
నేను మొదటి నుంచి అదే అంటున్నానండీ.